సైన్స్ పత్రికకు తెలుగులో పేరు దొరకడం ఎందుకంత కష్టం? ఒంగోలు నుంచి ఒక ఉదాహరణ

క్లుప్తంగా: హైస్కూల్, ఇంటర్ పిల్లల కోసం తెలుగులో సైన్స్ మాసపత్రిక పెట్టాలనుకునేవారికి మొదట తట్టే పేర్లు 'విజ్ఞాన', 'శాస్త్ర', 'బాల' అనే మాటల చుట్టూనే తిరుగుతాయి. రిజిస్ట్రేషన్‌లో పోలిక సమస్య వచ్చేదీ, పిల్లలు పాఠ్యపుస్తకం అనుకుని పక్కన పెట్టేదీ ఎక్కువగా ఆ పేర్లనే. ఇంట్లోనో పొలంలోనో కనిపించే ఒక వస్తువు పేరు ఈ రెండు అడ్డంకులనూ దాటగలదు. అయితే ప్రతి వస్తువు పేరుకూ మరో అర్థం అంటుకుని ఉంటుంది. దాన్ని ముందుగా పసిగట్టడమే అసలు పని.

ఒంగోలులోనో నెల్లూరులోనో కొందరు ఉపాధ్యాయులు కలిసి ఇలాంటి పత్రిక మొదలుపెట్టాలనుకున్నారని అనుకుందాం. వ్యాసాలు రాసేవాళ్లు దొరుకుతారు, ప్రింటింగ్ ప్రెస్ దొరుకుతుంది. పని ఆగేది పేరు దగ్గరే. నలుగురు కూర్చుంటే పది పేర్లు వస్తాయి, పదిలో ఏడు ఒకదానికొకటి కజిన్స్‌లా ఉంటాయి. విజ్ఞాన వాణి, విజ్ఞాన వాహిని, విజ్ఞాన దీపిక, విజ్ఞాన కిరణాలు. ఈ మాటల్లో తప్పు లేదు. కానీ ఒక పేరు చేయాల్సిన మొదటి పని, పక్కదాని నుంచి తనను వేరుగా చూపించుకోవడం. ఈ పేర్లకు ఆ పని చేతకాదు.

చట్టం దేన్ని చూస్తుంది

పత్రికల రిజిస్ట్రేషన్‌కు 1867 నాటి చట్టమే 2024 ఫిబ్రవరి దాకా నడిచింది. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత పద్ధతిలో జిల్లా మేజిస్ట్రేట్ దగ్గర డిక్లరేషన్ ఇవ్వాలి, ఢిల్లీ నుంచి పేరు ఖాయం చేయించుకోవాలి, తర్వాత రిజిస్ట్రేషన్‌కు మళ్లీ వెళ్లాలి. ఇప్పుడు పేరు కేటాయింపు, రిజిస్ట్రేషన్ రెండూ 'ప్రెస్ సేవా' పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో జరుగుతాయి. జిల్లా అధికారి తన అభిప్రాయం చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. ఈ చట్టం శాస్త్రీయ, విద్యా పరిశోధన జర్నళ్లను 'పీరియాడికల్' కింద లెక్కించదు. దాంతో, మాది సైన్స్ పత్రికే కదా, మాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదేమో అన్న అనుమానం వస్తుంది. పరిశోధన పత్రాలు అచ్చువేసే జర్నల్ వేరు, పదో తరగతి పిల్లలకు ఈ నెల ప్రయోగించిన ఉపగ్రహం గురించి వార్త, దానిమీద వ్యాఖ్య ఇచ్చే మాసపత్రిక వేరు. వార్తలు, వాటిపై వ్యాఖ్యలు క్రమం తప్పకుండా అచ్చువేసే ప్రచురణ పీరియాడికలే. పైగా చందాదారులకు తపాలా రాయితీతో పంపాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉదయగిరి కొండల పక్క ఊరికీ, గిద్దలూరు దాటి ఉన్న ఊరికీ పత్రిక చేరేది పోస్టులోనే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

పేరు విషయంలో చట్టం చూసేది ప్రధానంగా పోలికను. అడిగిన పేరు అదే భాషలో దేశంలో ఎక్కడైనా వేరొకరి పత్రికకు ఉండకూడదు, అదే రాష్ట్రంలో ఏ భాషలోనైనా ఉండకూడదు. అచ్చంగా అదే కానక్కర్లేదు, దాన్ని పోలి ఉన్నా చాలు. దీని ప్రభావం రెండు వైపుల నుంచి ఉంటుంది. తెలుగు పేరు కాబట్టి తెలంగాణలో, చెన్నైలో, బెంగళూరులో, ఎక్కడ నమోదైన తెలుగు పత్రికతోనైనా అది పోటీ పడాలి. మరోవైపు, 'స్పార్క్' లాంటి ఇంగ్లిష్ మాట పెట్టుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో ఉన్న ఇంగ్లిష్ పత్రిక అడ్డు రావచ్చు. 'విజ్ఞాన' అన్న మాటతో మొదలయ్యే పేరుకు ఈ పరీక్ష కష్టమవుతుంది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన రోజుల్లో ఆ మాట కొత్తగా, ధైర్యంగా వినిపించింది. నూరేళ్లకు పైగా సంఘాలు, గ్రంథమాలలు, స్టడీ మెటీరియల్‌లు, కాలేజీలు దాన్ని వాడుకున్నాయి. ఇప్పుడు ఆ మాటకు పక్కన ఏం చేర్చినా ఎక్కడో ఒక పోలిక తగులుతూనే ఉంటుంది.

ట్రేడ్‌మార్క్ చట్టం ఇదే గోడను ఇంకో పక్క నుంచి కడుతుంది. అది సరుకులను విడదీసిన వర్గాల్లో అచ్చు పత్రికలు 16వ తరగతి కిందకు వస్తాయి. సరుకు ఏమిటో చెప్పేసే మాటకు, అంటే సైన్స్ పత్రికకు 'సైన్స్ పత్రిక' అన్న మాటకు, 1999 చట్టంలోని 9వ సెక్షన్ మామూలుగా రక్షణ ఇవ్వదు. పేరు ఎంత వివరంగా ఉంటే హక్కు అంత బలహీనం. వివరించాలనే తపన ఉన్న ఉపాధ్యాయులకు ఇది మింగుడుపడదు గానీ, వివరణకు చోటు పేరు కింద ఉండే చిన్న లైను.

శాస్త్రం, విజ్ఞానం, సైన్స్

పోలిక సమస్య లేకపోయినా ఈ మూడు మాటల్లో ఏది పెట్టినా ఏదో ఒక ఇబ్బంది ఉంది. కేరళలో 'శాస్త్ర' అన్న మాటకు సైన్స్ అన్న అర్థం స్థిరపడింది. అక్కడి కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు తన పత్రికలకు శాస్త్రగతి, శాస్త్రకేరళం అని పెట్టుకోగలిగింది. తెలుగులో శాస్త్రం అంటే జ్యోతిషం, వాస్తు కూడా. కనిగిరి వైపు ఒక పెద్దాయన 'శాస్త్రం ఒప్పుకోదు' అంటే ఆయన మనసులో న్యూటన్ ఉండడు. ఇల్లు ఏ దిక్కుకు కట్టాలన్న మాట ఉంటుంది. సైన్స్ పత్రిక నిలదీసి అడగాల్సిన విషయాన్నే దాని పేరు గుర్తుచేస్తే పని మొదలుకాకముందే చెడుతుంది.

విజ్ఞానం అంటే తెలివిడి, సమాచారం, జనరల్ నాలెడ్జ్ అన్నీ వస్తాయి. బుక్‌స్టాల్‌లో ఆ పేరు చూసినవాళ్లు పోటీ పరీక్షల పుస్తకం అనుకోవడంలో వింత లేదు. ఇక సైన్స్. పిల్లలు రోజూ వాడేది ఇదే. కానీ బడిలో ఆ మాట కూడా ఫిజికల్ సైన్స్‌కు 'పీఎస్', నేచురల్ సైన్స్‌కు 'ఎన్‌ఎస్' అని విడిపోయింది. పీఎస్ సార్ వేరు, ఎన్‌ఎస్ మేడమ్ వేరు. పేరులో సైన్స్ కనబడగానే పిల్లవాడికి గుర్తొచ్చేది పీరియడ్, రికార్డ్, స్లిప్ టెస్ట్.

దీనికి తోడు ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియం పిల్లవాడికి కిరణజన్య సంయోగక్రియ అన్న మాట కంటపడుతుంది గానీ నోట పలకదు, ఫోటోసింథసిస్ అనే అంటాడు. కాబట్టి పారిభాషిక పదం ఏదైనా పేరుగా తీసుకుంటే అది సగం మందికి పరాయి మాటే అవుతుంది. అమ్మానాన్నల నోట, వీధిలో విన్న తెలుగు మాట మాత్రం మీడియం ఏదైనా మారదు.

'టీనేజ్'కు మన అంకెల్లో చోటు లేదు

ఇంగ్లిష్‌లో టీనేజ్ అన్న మాట అంకెల తోక నుంచి పుట్టింది. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఆ భాషలో ఒకే తోక ఉంటుంది. తెలుగు అంకెల్లో అలాంటి హద్దు లేదు. అందుకే పదమూడేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఉన్నవాళ్లను ఒక గుంపుగా చెప్పే మాట మనకు పుట్టలేదు. కౌమారం అంటే డాక్టర్ మాటలా, ప్రభుత్వ పథకంలా వినిపిస్తుంది. కిశోర్ అంటే పక్క బెంచీ కుర్రాడు. యువ అంటే నిరుద్యోగం, ఎన్నికలు. బాల అన్నది అన్నిటికన్నా ప్రమాదం. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్ల తనను చిన్నపిల్ల అంటే ఊరుకోదు, 'బాల' అని రాసి ఉన్న పుస్తకాన్ని బస్సులో బయటికి తీయదు. ఈ వయసువాళ్లు తమను తరగతితోనే చెప్పుకుంటారు. నేను నైన్త్, నేను టెన్త్, నేను ఎంపీసీ.

కన్నడంలో కర్ణాటక రాజ్య విజ్ఞాన పరిషత్తు 'బాల విజ్ఞాన' అన్న పేరునే నడిపించింది. మలయాళీలు వేరే దారి పట్టారు. వయసును పేరులో పెట్టకుండా పత్రికలనే వయసువారీగా విడదీశారు. పెద్దలకు శాస్త్రగతి 1966లో, హైస్కూల్ పిల్లలకు శాస్త్రకేరళం 1969లో, వాళ్లకన్నా చిన్నవాళ్లకు యురేకా 1970లో వచ్చాయి. మూడు పేర్లలో ఒక్కదానిలోనూ వయసు లేదు. ఏది ఎవరిదో వాడుకలో తెలిసిపోయింది. ఒంగోలు పత్రికకు పనికొచ్చే పాఠం ఇదే. వయసును పేరులో ఇరికించకుండా కింది లైనులో 'హైస్కూల్, ఇంటర్ విద్యార్థుల సైన్స్ మాసపత్రిక' అని రాస్తే సరిపోతుంది.

చెకుముకి, చకమక్

తెలుగులో జన విజ్ఞాన వేదిక పత్రిక పేరు చెకుముకి. భోపాల్‌లో ఏకలవ్య సంస్థ 1985లో మొదలుపెట్టిన హిందీ పత్రిక పేరు చకమక్. రెండూ ఒకే మాట. తుర్కీ మూలం ఉన్న చక్మక్ ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు నోట్లో చెకుముకి అయింది. రెండు భాషల్లో రెండు సంస్థలు ఒకే వస్తువు దగ్గర ఆగడం ఎందుకో కొంచెం ఆలోచించాల్సిన విషయం.

అగ్గిపెట్టె అందరికీ అందుబాటులోకి రాకముందు పొలంలో చుట్ట ముట్టించుకోవడానికి రైతు దగ్గర చెకుముకి రాయి, ఉక్కు ముక్క, కాస్త దూది ఉండేవి. రాయికి ఉక్కును రాస్తే నిప్పురవ్వ లేచి దూదిలో పడేది. ఆ రవ్వ రాయిది కాదు. గట్టి రాయి అంచు ఉక్కును చెక్కుతుంది, ఆ సన్నని ఇనుప పొడి గాలిలో మండుతుంది. అంటే పేరులోనే ఒక ప్రశ్న, ఒక ప్రయోగం, ఒక జవాబు ఉన్నాయి. మొదటి సంచికలో ఈ ఒక్క పేరు మీదే రెండు పేజీలు రాయవచ్చు. ఇంట్లో ముసలాయనకు తెలిసిన మాట కాబట్టి పిల్లవాడు ఆయన్ని అడుగుతాడు కూడా. పక్క రాష్ట్రంలో తమిళనాడు సైన్స్ ఫోరం పత్రిక పేరు తుళిర్, అంటే చిగురు. అదీ వస్తువు పేరే, కాకపోతే దానిలో ప్రయోగం లేదు, ఆశీర్వాదం ఉంది.

చెకుముకికి అచ్చులో ఇంకో బలం ఉంది. నాలుగు అక్షరాలు, ఒక్క వత్తు లేదు. తెలుగు లిపిలో ఇది చిన్న విషయం కాదు. 'శాస్త్ర' అని రాస్తే 'స'కు 'త' వత్తు, దానికి 'ర' వత్తు చేరి కిందికి దిగుతాయి. 'విజ్ఞాన'లో 'జ'కు 'ఞ' వత్తు. పేరును ముఖచిత్రం మీద పెద్దగా వేసినప్పుడు ఆ వత్తుల కోసం కింద జాగా వదలాలి, లేకపోతే బొమ్మ మీద పడతాయి. ఫోన్‌లో వేలిగోరంత బొమ్మగా చూస్తే వత్తు ఒక మరకలా మారుతుంది. బస్టాండ్ స్టాల్‌లో పత్రికలు ఒకదాని మీద ఒకటి వేసి తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తారు, పై నాలుగు వేళ్ల వెడల్పే కనిపిస్తుంది. అక్కడ కింది వత్తును పక్క పత్రిక మింగేస్తే పేరు సగమే చదవగలం. చకమక్ హిందీలో ఇంకా సులువు, గుణింతం గుర్తు కూడా లేని నాలుగు అక్షరాలు.

ఒంగోలు జాబితాను పరీక్షిస్తే

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వస్తువుల పేర్లకు కొరత లేదు. నాలుగు పేర్లను తీసుకుని చూస్తే పద్ధతి తెలుస్తుంది.

మొదటిది రాకెట్. 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగితే నెల్లూరు మేడల మీదికి ఎక్కి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేరు పొట్టిది, పిల్లలకు ఇష్టమైనది. కానీ తెలుగు వార్తల్లో రాకెట్ అంటే కిడ్నీ రాకెట్, ఫేక్ సర్టిఫికెట్ల రాకెట్ కూడా. స్పోర్ట్స్ షాపులో అదే మాట బ్యాడ్మింటన్ బ్యాట్. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ వేరు చేసే రెండు మాటలను తెలుగు లిపి ఒకటిగా కలిపేసింది. దాని బదులు శ్రీహరికోట ప్రయోగ కేంద్రం పేరైన షార్, లేదా ఇస్రో లాంటి పేర్లు పెడదామంటే అది ఆ సంస్థ పత్రికే అన్న భ్రమ కలుగుతుంది. ప్రభుత్వ అండ ఉన్నట్టు అనిపించే పేర్లను అడ్డుకోవడానికి 1950 నుంచే ఒక చట్టం ఉంది.

రెండోది అణువు. వినడానికి బాగుంది, వత్తు లేదు. చిక్కు అర్థంలో. పాఠ్యపుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్, ఆటమ్‌కు పరమాణువు అని మాట. బయట మాత్రం అణుబాంబు, అణువిద్యుత్ అంటాం, అక్కడ జరిగే పని పరమాణు కేంద్రకంలోది. అంటే పేపర్ చదివే తండ్రికి ఒక అర్థం, తొమ్మిదో తరగతి కూతురికి ఇంకో అర్థం. ఈ గందరగోళం మీద మంచి వ్యాసం రాయవచ్చు. ప్రతి నెలా ముఖచిత్రం మీద మోయడం మాత్రం అనవసరం.

మూడోది పలక. మార్కాపురం పలకల గనుల ఊరు, అక్కడి రాయి ఒకప్పుడు ఎన్నో బళ్లలో పిల్లల చేతుల్లో ఉండేది. బంకమట్టి ఒత్తిడికి రాయిగా మారి, పలుచని పొరలుగా చీలే గుణం దానికి ఎలా వచ్చిందో చెప్పడానికి పేరే అవకాశమిస్తుంది. రాయవచ్చు, చెరపవచ్చు, మళ్లీ రాయవచ్చు. సైన్స్ నడిచే తీరుకు ఇంతకన్నా దగ్గర పోలిక దొరకదు. లోపాలు మూడు. పలక అంటే ఓనమాలు, కాబట్టి పెద్ద తరగతి పిల్లలు తమది కాదనుకుంటారు. నెల్లూరు, చిత్తూరు వైపు పలక అంటే డప్పు కూడా. ఇంగ్లిష్ అక్షరాల్లో Palaka అని టైప్ చేస్తే అది పాలక అని కూడా చదవవచ్చు, పాలకమండలి వార్తలన్నీ వచ్చి మీద పడతాయి.

నాలుగోది కాకిబంగారం. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు ఉన్నాయి. అభ్రకం అన్నది పుస్తకం మాట, పైగా 'భ'కు 'ర' వత్తు. మైకా అన్నది గనుల్లో పనిచేసేవాళ్ల మాట. మట్టిలో మెరిసే ఆ రేకులకు పిల్లలు, ముసలివాళ్లు పెట్టుకున్న పేరు కాకిబంగారం. గోటితో లాగితే రేకు రెండవుతుంది, ఆ రేకు మళ్లీ రెండవుతుంది, గాజులా అవతలి వెలుగు కనిపించేదాకా ఊడుతూనే ఉంటుంది. లోపల గట్టి పొరల మధ్య బంధం బలహీనంగా ఉండడమే దానికి కారణం. వేడిని తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు, అందుకే పాత ఇస్త్రీపెట్టె విప్పితే తీగ చుట్టి ఉన్నది ఆ రేకు మీదే. ఐదు అక్షరాలు, వత్తు లేదు. పత్రిక అన్న సరుకును వర్ణించదు కాబట్టి ట్రేడ్‌మార్క్ పరంగా బలమైనది.

దీని లోపం మొహం మీదే ఉంది. కాకిబంగారం అంటే తళుకే తప్ప విలువ లేనిదన్న మాట కూడా. గిట్టనివాళ్లకు ఒక వెటకారం ఉచితంగా దొరుకుతుంది. అయినా ఈ నాలుగింటిలో ముందు నిలబడేది ఇదే. ఎందుకంటే ఆ రెండో అర్థం పత్రిక పనికి ఎదురు వెళ్లదు. మెరిసేది బంగారమా కాదా అని గోటితో గీకి చూడమని చెప్పడమే ఆ పత్రిక పని. రాకెట్‌లోని రెండో అర్థం పాఠకుణ్ణి వేరే చోటికి లాక్కుపోతుంది, దీనిలోనిది లోపలి పేజీల్లోకే తీసుకొస్తుంది. పేరుకు చెడ్డ అర్థం ఉందా అన్న ప్రశ్న కన్నా, ఆ అర్థం ఎటు లాగుతుంది అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

చెవి, చేయి, ఫోన్

కూర్చున్నచోట తేలని విషయాలు కొన్ని పిల్లల దగ్గరే తేలతాయి. దీనికి పెద్ద సర్వే అక్కర్లేదు. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో ఒక తరగతి, ఒక జూనియర్ కాలేజీలో ఒక సెక్షన్ చాలు. పేరు రాసి చూపించకుండా ఒక్కసారి పలికి కాగితం మీద రాయమనాలి. పోస్టులో చందా కట్టేవాడు, స్టాల్‌లో అడిగేవాడు పేరును మొదట చెవితోనే పట్టుకుంటాడు. తర్వాత ఫోన్‌లో టైప్ చేయమనాలి. తెలుగు కీబోర్డు వాడేవాళ్లు తక్కువ, ఇంగ్లిష్ అక్షరాలతోనే కొడతారు. Kakibangaram, Kaki Bangaram, Kaaki bangaram అని మూడు రకాలుగా రావచ్చు. Kakiని చూసి Khaki అనుకుని పోలీసు ఖాకీ వైపు పోయే అవకాశమూ ఉంది. ఎక్కువమంది ఏ స్పెల్లింగ్ కొట్టారో అదే దరఖాస్తులో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వడం తెలివైన పని. చివరగా, ఈ పేరున్న పుస్తకంలో ఏముంటుందో ఒక్క వాక్యంలో రాయమనాలి. కథలు అని రాస్తే నష్టం లేదు, కింది లైను సరిచేస్తుంది. నగల కేటలాగ్ అని ఎక్కువమంది రాస్తే మాత్రం ముఖచిత్రం బొమ్మ మీద భారం పడుతుంది, మొదటి కొన్ని సంచికల మీద రాయి, రేకు, చేయి కనిపించాల్సి ఉంటుంది.

పోర్టల్‌లో వెతకడం ఈ పరీక్షల కన్నా ముందే జరగాలి. అదే పేరు తెలుగులో ఎవరికైనా ఉందా, ఆంధ్రప్రదేశ్‌లో మరో భాషలో ఉందా, కాకి, బంగారం అన్న మాటలు విడివిడిగా ఎవరి పేరులో ఉన్నాయి అని చూడాలి. పిల్లలు ఒక పేరును ఇష్టపడ్డాక అది వేరేవాళ్లదని తెలిస్తే ఎదురయ్యే నిరాశ చిన్నది కాదు. ప్రాధాన్య క్రమంలో రెండో పేరు సిద్ధంగా ఉంచుకునేటప్పుడు అది మొదటిదాని తమ్ముడిలా ఉండకూడదు. కాకిబంగారం పోలిక మీద పోతే కాకిముత్యం కూడా పోయే ప్రమాదం ఉంటుంది. పలక లాంటి సంబంధం లేని మాట అయితే నిలబడవచ్చు.

పేరు ఖాయమయ్యాక

సర్టిఫికెట్‌లో ఉన్న పేరే ముఖచిత్రం మీద ఉండాలి. ఇక్కడ డిజైనర్లు తెలియక చేసే పొరపాటు ఒకటి ఉంది. అందం కోసం 'కాకిబంగారం సైన్స్' అని ఒకే సైజులో, ఒకే రంగులో వేస్తారు. అప్పుడు పత్రిక పేరు రెండు మాటలదన్నట్టు కనిపిస్తుంది, రిజిస్టరైన పేరుకూ అచ్చైన పేరుకూ తేడా వస్తుంది. సైన్స్ అన్న మాట చిన్న అక్షరాల్లో, వేరే లైనులో, పేరులో భాగం కాదని తెలిసేలా ఉండాలి.

లైబ్రరీలు పత్రికను గుర్తుపట్టే ఐఎస్‌ఎస్‌ఎన్ అనే ఎనిమిది అంకెల సంఖ్య కూడా పేరుకే అతుక్కుని ఉంటుంది. సంస్థ అదే, సంపాదకుడు అదే, చందాదారులూ వాళ్లే అయినా పేరు చెప్పుకోదగ్గంతగా మారితే కొత్త సంఖ్య తీసుకోవాలి, లైబ్రరీ కేటలాగ్‌లో పాత పత్రిక ఆగిపోయినట్టు, కొత్తది పుట్టినట్టు నమోదవుతుంది. కొత్త పేరు కేటాయింపుకు మళ్లీ దరఖాస్తు చేయాలి. రెండేళ్లు నడిచాక 'బాల' అన్న మాట వల్ల పెద్ద తరగతుల పిల్లలు కొనడం లేదని గ్రహించి దాన్ని తీసేయాలనుకునే పత్రికకు ఇంత ఖర్చు అవుతుంది. అదే మాట కింది లైనులో ఉండి ఉంటే, తర్వాతి సంచికకు ముందు డిజైన్ ఫైల్‌లో ఒక్క లైను మార్చితే పని అయిపోయేది.